సరిహద్దు దాటిన బియ్యం కార్డు: వలస నేతన్నల కోసం ఒక సర్క్యులర్ వివరణ

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం పాఠం)



ఈ వేదిక మీద మన కుల చరిత్ర గురించి, పిల్లల చదువుల గురించి పెద్దలు మాట్లాడారు. మేము మాట్లాడబోయేది ఒక గోనెసంచి బియ్యం గురించి. చిన్న విషయమే. కానీ ఏడాది పొడుగునా మన సహాయ బల్ల దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఇదే. "మా కార్డు ఆంధ్రాది. పని ఇక్కడ. ఇక్కడి రేషను అంగడిలో మాకు బియ్యం ఇస్తారా, ఇవ్వరా?"

ఈ ప్రశ్న మనకే ఎక్కువగా ఎందుకు వస్తుందో ఈ ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య సరిహద్దు మారింది. మనం కదల్లేదు, గీత కదిలింది. ఇప్పటికీ తిరుత్తణి, పళ్లిపట్టు, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం వైపు మనవాళ్లు మగ్గాల మీద ఉన్నారు. గీతకు అవతల నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు, నారాయణవనం వైపు కూడా మనవాళ్లే ఉన్నారు. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ గీత దాటే. పని కోసం పోయేదీ గీత దాటే. ఇన్నాళ్లూ దాటనిది రేషను కార్డు ఒక్కటే. ఇప్పుడు అది కూడా దాటుతుంది. అయితే అన్ని కార్డులూ దాటవు, కార్డు మీద వచ్చే అన్ని సరుకులూ దాటవు. ఈ తేడా తెలియకే మనవాళ్లు వట్టి సంచితో వెనక్కి వస్తున్నారు.

ఒక కుటుంబం కథతో మొదలుపెడతాం. పేర్లు చెప్పం. వాళ్ల అనుమతితోనే చెబుతున్నాం. నగరి వైపు వాళ్లు. భర్త మరమగ్గం నడుపుతాడు, భార్య కండెలు చుడుతుంది. ఇద్దరు పిల్లలు. పెద్దవాడు రెండో తరగతి, చిన్నదానికి మూడేళ్లు. అక్కడ షెడ్డు మూతపడితే తిరుత్తణి దగ్గర ఒక షెడ్డులో పని దొరికి ఇక్కడికి వచ్చారు. అత్తగారు ఊళ్లోనే ఉండిపోయారు. సొంత ఇల్లు ఉంది, వితంతు పింఛను వస్తుంది, కదలనన్నారు. కార్డు ఆంధ్రప్రదేశ్ బియ్యం కార్డు.

ఆరు నెలలు వాళ్లు బియ్యం బయట కొనుక్కున్నారు. తరువాత ఎవరో మధ్యవర్తి వచ్చి, ఆంధ్ర కార్డు రద్దు చేయించుకుంటే ఇక్కడ తమిళనాడు కార్డు చేయించి పెడతానన్నాడు, అయిదు వేలు అడిగాడు. డబ్బు కట్టే ముందు ఎందుకో ఆ అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. ఫోనులో తిరుగుతున్న ఒక సందేశం చూపించింది. "ఏ రాష్ట్రం కార్డయినా ఏ అంగడిలో అయినా అన్ని సరుకులూ తీసుకోవచ్చు" అని ఉంది అందులో. "ఇది నిజమైతే మాకెందుకు ఇవ్వలేదు సార్?" అని అడిగింది. అంగడికి వెళితే వెలి రాష్ట్రం కార్డు ఇక్కడ చెల్లదని పంపేశారట.

అంగడివాళ్లు చెప్పింది తప్పు. ఫోనులో వచ్చిన సందేశం కూడా సగమే నిజం. అసలు సర్క్యులర్ ఏం చెబుతుందో చూద్దాం.

ఈ పథకం పేరు 'ఒకే దేశం – ఒకే రేషను కార్డు'. 2019 ఆగస్టులో మొదట రెండు జంటల రాష్ట్రాల్లో మొదలైంది. ఆంధ్ర, తెలంగాణ ఒక జంట, గుజరాత్, మహారాష్ట్ర ఇంకో జంట. తమిళనాడు 2020 అక్టోబరులో చేరింది. కరోనా కాలంలో వలస కూలీల కష్టాల మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2021 జూన్ 29న తీర్పు ఇస్తూ, ఇంకా అమలు చేయని రాష్ట్రాలు జులై 31 లోపు చేయాలంది. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా వచ్చేసింది. కాబట్టి ఇది అంగడివాళ్లు ఇష్టమైతే చేసే ఉపకారం కాదు.

సర్క్యులర్ భాష చదివితే తల తిరుగుతుంది. దాని సారం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. "జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డుదారులు, ఆధార్ ధ్రువీకరణతో, తమకు అర్హత ఉన్న ధాన్యాన్ని దేశంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా పొందవచ్చు." ఈ వాక్యంలో మూడు ముడులున్నాయి. ఒకటి, చట్టం కింద ఉన్న కార్డు. రెండు, అర్హత ఉన్న ధాన్యం. మూడు, ఆధార్ ధ్రువీకరణ. ఒక్కో ముడీ విప్పుకుంటూ పోదాం.

మొదటి ముడి: మీ కార్డు ఏ చట్టం కింద ఉంది?

రేషను కార్డులన్నీ చూడ్డానికి ఒకటే. కానీ బియ్యం డబ్బు ఎవరు పెడుతున్నారన్న దాన్ని బట్టి అవి రెండు రకాలు. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ కేంద్రం ఒక లెక్క కట్టింది. ఆ లెక్కలో ఉన్నవాళ్ల బియ్యం కేంద్రం ఇస్తుంది. ఆ లెక్కకు మించి రాష్ట్రాలు తమ సొంత ఖర్చుతో కార్డులిస్తాయి. మనం ఉన్న రెండు రాష్ట్రాలూ అలా ఇస్తున్నవే. కేంద్రం లెక్కలో ఉన్న కార్డు మాత్రమే రాష్ట్రం దాటుతుంది. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డు ఆ రాష్ట్రంలోనే పనిచేస్తుంది. ఎందుకంటే వేరే రాష్ట్రంలో మీకిచ్చిన బియ్యాన్ని కేంద్రం తన లెక్కలో సర్దుతుంది. కేంద్రం లెక్కలో లేని కార్డుకు సర్దేవాళ్లు ఉండరు.

తమిళనాడు కార్డున్నవాళ్లకు ఇది తెలుసుకోవడం సులువు. స్మార్ట్ కార్డు మీదే అచ్చయి ఉంటుంది. PHH అని గానీ, PHH-AAY అని గానీ ఉంటే అది చట్టం కింది కార్డు, రాష్ట్రం దాటుతుంది. NPHH అని ఉంటే దాటదు. ముందు ఒక్క అక్షరం ఎక్కువ, అంతే తేడా. ఇక్కడ తిరుత్తణిలో రెండు కార్డులకూ బియ్యం వస్తుంది కాబట్టి ఆ అక్షరం సంగతి ఎవరూ పట్టించుకోరు. సూరత్‌కో భివండికో మగ్గం పనికి పోయిన రోజున అది బయటపడుతుంది. మన సభ్యుల్లో NPHH కార్డున్నవాళ్లు చాలామంది ఉన్నారు. బయటికి పోయే ముందే కార్డు ఒకసారి చూసుకోండి. కుటుంబం నిజంగా పేదరికంలో ఉంటే రకం మార్చమని తాలూకా సరఫరా అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. వెంటనే అవుతుందని మాత్రం చెప్పలేం, ఆ లెక్కకు పరిమితి ఉంది. అయితే తమిళనాడు లోపలే ఊరు మారితే ఈ చిక్కు లేదు. తిరుత్తణి కార్డుతో ఈరోడ్‌లోనో కోయంబత్తూరులోనో బియ్యం తీసుకోవచ్చు.

ఆంధ్ర కార్డున్నవాళ్లకు ఇది కొంచెం కష్టం. బియ్యం కార్డు ఏ లెక్కలో ఉందో చూడగానే తెలియదు. ఊళ్లో డీలరును గానీ, గ్రామ సచివాలయంలో గానీ, "మా కార్డు కేంద్రం చట్టం కింద ఉందా, రాష్ట్రం కార్డా?" అని ఈ మాటలతోనే అడగండి. "మాకు బియ్యం వస్తుందా?" అని అడిగితే "వస్తుంది" అంటారు, అది మీ ప్రశ్నకు జవాబు కాదు. ఫోను వాడగలిగినవాళ్లు Mera Ration అనే కేంద్ర ప్రభుత్వ యాప్‌లో ఆధార్ నంబరుతో చూసుకోవచ్చు. కార్డు వివరాలు, అందులో ఉన్న పేర్లు, మీ అర్హత, మీరు ఇప్పటిదాకా తీసుకున్న సరుకు అందులో కనబడతాయి.

మనం చెప్పుకుంటున్న కుటుంబం కార్డు చూశాం. కేంద్రం లెక్కలోనే ఉంది. మొదటి ముడి విడింది.

రెండో ముడి: ఎంత, ఏది?

సాధారణ కార్డుకు మనిషికి నెలకు అయిదు కిలోలు. అంత్యోదయ కార్డుకైతే మనుషులెందరున్నా కుటుంబానికి ముప్పై అయిదు కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం. ఆ తరువాత 2024 జనవరి నుంచి ఇంకో అయిదేళ్లు ఉచితమేనని కేంద్రం చెప్పింది. కాబట్టి వేరే రాష్ట్రం కార్డని చెప్పి కిలోకు ఇంత అని ఎవరైనా అడిగితే ఇవ్వనక్కర్లేదు.

రాష్ట్రం దాటేది ఈ ధాన్యం ఒక్కటే. తమిళనాడులో ఇచ్చే కందిపప్పు, పామాయిలు, పొంగలు కానుక ఇవి రాష్ట్రం తన కార్డులకు ఇచ్చుకునేవి, ఆంధ్ర కార్డుకు రావు. అలాగే తమిళనాడు కార్డుతో నగరి వెళ్లి అక్కడ రాష్ట్రం ఇచ్చే పంచదార అడగడానికి లేదు. ఫోను సందేశంలో "అన్ని సరుకులూ" అన్న మాట అందుకే అబద్ధం.

ధాన్యం కూడా ఏ రాష్ట్రంలో తీసుకుంటే ఆ అంగడిలో ఏది ఉంటే అదే. ఇక్కడ పుళుంగలరిసి, అంటే ఉప్పుడు బియ్యం ఎక్కువ. మన ఆంధ్రా ఆడవాళ్లకు మొదట్లో అది వండడం రాదు, నీళ్లు ఎక్కువ పట్టాలి, మంట ఎక్కువసేపు ఉండాలి. పచ్చి బియ్యం ఉందా అని అడగొచ్చు. ఉంటే ఇస్తారు. లేకపోతే ఉన్నదే తీసుకోవాలి.

ఇప్పుడు ఆ కుటుంబం లెక్క చూద్దాం. అత్తగారు, భర్త, భార్య, ఇద్దరు పిల్లలు, మొత్తం అయిదుగురు. ఇరవై అయిదు కిలోలు రావాలని వాళ్ల లెక్క. యాప్‌లో చూస్తే ఇరవై అని ఉంది. చిన్నదాని పేరు కార్డులో ఎక్కించనే లేదు. పుట్టిన మూడేళ్లకు కూడా! అంటే నెలకు అయిదు కిలోలు మూడేళ్లుగా పోతోంది, ఇల్లు మారకముందు నుంచే. కార్డు మీద ఎందరు పేర్లున్నాయో అంతమందికే లెక్క. ఇంట్లో ఎందరున్నారన్నది యంత్రానికి తెలియదు.

ఆ ఇరవై కిలోలు ఎలా పంచుకోవాలి? ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. యంత్రం "ఇది అత్తగారి అయిదు కిలోలు, ఇది కోడలి అయిదు కిలోలు" అని వేరు చేసి పెట్టదు. కార్డు మొత్తానికి ఒకటే మూట. ఎవరు ముందు వేలు పెడితే వాళ్లు అందులోంచి తీసుకుంటారు, మిగిలింది తరువాతివాళ్లకు. కొంత ఊళ్లో, కొంత ఇక్కడ తీసుకోవచ్చు. కానీ ఇద్దరూ ముందే అనుకొని ఉండాలి. ఊళ్లో అత్తగారు నెల మొదట్లోనే వేలుముద్ర వేసి మొత్తం ఇరవై కిలోలూ తెచ్చేసుకునేవారు. ఆమె మోసం ఏమీ చేయలేదు. డీలరు తూచినదంతా తెచ్చుకున్నారు. కొడుకు వచ్చినప్పుడు పట్టుకెళతాడని డబ్బాలో దాచిపెట్టారు కూడా. ఆ డబ్బా పురుగు పట్టింది. ఇక్కడ ఆ కొడుకు బియ్యం కొనుక్కుంటున్నాడు.

మేము ఫోను కలిపి ఆ పెద్దావిడతో మాట్లాడించాం. "నీ అయిదు కిలోలు మాత్రం తీసుకో అవ్వా, మిగతాది మీ కోడలు ఇక్కడ తీసుకుంటుంది" అని చెప్పాం. "అలా సగం ఇస్తాడా నాయనా డీలరు?" అని అడిగారు. ఇవ్వాలి. ఎంత కావాలో చెప్పి అంతే తూయించుకోవాలి, రసీదులో కూడా అయిదే పడిందో లేదో చూసుకోవాలి. సంచిలో అయిదు తూచి రసీదులో ఇరవై కొడితే మిగతా పదిహేను ఎక్కడికి పోతాయో మీకు వేరే చెప్పాలా?

మూడో ముడి: వేలిముద్ర

ఇక అంగడి దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. చేతిలో కార్డు లేకపోయినా ఫరవాలేదు, కార్డు నంబరు గానీ ఆధార్ నంబరు గానీ ఉండాలి. అమ్మేవాడు యంత్రంలో వేరే రాష్ట్రం కార్డులకు ఉన్న వేరే దారిలోకి వెళ్లి ఆ నంబరు కొట్టాలి. యంత్రం కేంద్రం సర్వరును అడుగుతుంది. మీ కార్డులోని పేర్లు తెర మీదకు వస్తాయి. వచ్చినవాళ్ల పేరు ఎంచుకొని వేలు పెట్టిస్తారు. వేలు సరిపోతే ఈ నెల మిగులు ఎంతో చూపిస్తుంది. ఎంత కావాలో కొట్టి రసీదు తీస్తారు. అంతా సవ్యంగా ఉంటే అయిదు నిమిషాల పని.

స్థానిక కార్డు దారిలోనే మీ నంబరు కొడితే "ఇలాంటి కార్డు లేదు" అని వస్తుంది. అది మీ కార్డు చెల్లదని కాదు, తప్పు దారిలో వెతికారని అర్థం. చాలామందిని "చెల్లదు" అని పంపేస్తున్నది ఇక్కడే. కాబట్టి అంగడిలో అడిగేటప్పుడు "వెలి మానిల కార్డు, ఒరే నాడు ఒరే రేషన్‌లో పోట్టు పారుంగ" అని తమిళంలోనే చెప్పండి. మన పిల్లలందరికీ తమిళం వచ్చు, కొత్తగా వచ్చినవాళ్లకు వాళ్లను తోడు పంపండి.

మన వృత్తిలో వేలిముద్ర ఇంకో తంటా. ఏళ్ల తరబడి నూలు లాగిన వేలికి గీతలు అరిగిపోతాయి. కండెలు చుట్టేవాళ్ల బొటనవేలు, చూపుడువేలు మరీ నున్నగా అయిపోతాయి. రంగు పనిచేసేవాళ్లకు చర్మం పగులుతుంది. యంత్రం వేలు పట్టకపోతే కంగారు పడకండి. చేతులకున్న గంజి, నూనె కడుక్కొని ఆరిన తరువాత పెట్టండి. బొటనవేలు కాకపోతే ఉంగరపు వేలు పెట్టి చూడండి, నూలు తక్కువ తగిలేది దానికే. అప్పటికీ కాకపోతే, కార్డులో పేరున్న ఇంకొకరు ఎవరైనా పెట్టొచ్చు, ఇంటి యజమానే రావాలని లేదు. కనుపాప యంత్రం ఉన్న అంగడి అయితే దాంతో చూడమనండి. నెల నెలా ఇదే గోల అయితే ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు కొత్తగా వేయించుకోవాలి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. సొంత ఊళ్లో తెలిసిన డీలరు సంతకం మీద ఇచ్చినట్టు వేరే రాష్ట్రంలో ఇవ్వలేరు. ఇక్కడ ఆధార్ ధ్రువీకరణ జరిగితేనే బియ్యం.

ఆ కుటుంబంలో భార్య వేలు పట్టలేదు. భర్తది పట్టింది. అందుకని అతను షెడ్డులో ఒక గంట అనుమతి తీసుకొని వెళ్లాల్సి వచ్చింది.

"స్టాకు లేదు" అంటే?

కార్డు సరే, వేలు సరే, అంగడిలో "మా కార్డులకే స్టాకు చాలదు, బయటివాళ్లకు ఎక్కడినుంచి తేవాలి?" అంటారు. ఈ మాట వెనుక నిజమైన భయం ఒకటుంది, దాన్ని అర్థం చేసుకుంటే మనం కొట్లాడకుండా మాట్లాడొచ్చు. మీకిస్తే తన ఊరివాళ్లకు తక్కువ పడుతుందని ఆయన భయం. కానీ మీకిచ్చిన ప్రతి కిలో యంత్రంలో నమోదవుతుంది, అది లెక్కలో తరుగుగా కనబడదు, అమ్మకంగానే కనబడుతుంది. ఎక్కువ అమ్మిన అంగడి పైనుంచి అదనపు స్టాకు అడగొచ్చు. బయటివాళ్లు ఎందరు వస్తున్నారో యంత్రంలో పడకపోతేనే ఆ అంగడికి ఎప్పటికీ స్టాకు పెరగదు.

అందుకే మా సలహా ఏమంటే, నెలాఖరుకు వెళ్లకండి. నెల మొదటి సగంలో వెళ్లండి, స్టాకు ఉంటుంది. ఈ నెల తీసుకోనిది వచ్చే నెలకు కలిసిరాదు. ఒక అంగడిలో లేదంటే ఇంకో అంగడికి వెళ్లొచ్చు, ఇంటి పక్కదే కావాలని లేదు. అయినా ఇవ్వకపోతే అక్కడినుంచే 14445కు ఫోను చేయండి. అది ఈ పథకం కోసమే ఉన్న ఉచిత నంబరు. తమిళనాడు సరఫరా శాఖ నంబరు 1967. ఫోను చేసేటప్పుడు అంగడి బోర్డు మీదున్న నంబరు, తేదీ, సమయం, వాళ్లన్న మాట చెప్పండి. దానికీ జవాబు రాకపోతే తాలూకా సరఫరా కార్యాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. చట్టం ప్రకారం జిల్లాకొక ఫిర్యాదుల అధికారి, రాష్ట్రానికొక ఆహార కమిషన్ ఉండాలి. నోటి మాట అక్కడిదాకా పోదు, ముద్ర ఉన్న కాగితం పోతుంది.

మన కుటుంబం మొదటి నెల వెళ్లినప్పుడు చెల్లదన్నారు. రెండో నెల మాలో ఒకరు తోడు వెళ్లి సరైన దారిలో కొట్టించారు, పేర్లు వచ్చాయి. కానీ మిగులు సున్నా అని చూపించింది, అప్పటికే అత్తగారు మొత్తం తీసుకున్నారు. ఫోను చేసి మాట్లాడింది ఆ రోజే. మూడో నెల పదిహేను కిలోలు వచ్చాయి. బయట కిలో యాభై అనుకున్నా, నెలకు ఏడువందల యాభై రూపాయలు మిగిలినట్టు. వారం కూలిలోంచి బియ్యానికి తీసిపెట్టే డబ్బు అది. తరువాత భర్త ఊరికి వెళ్లి, పాప జనన ధ్రువపత్రం, ఆధార్ పట్టుకొని సచివాలయంలో పేరు చేర్పించాడు. ఇప్పుడు ఇక్కడ ఇరవై, ఊళ్లో అయిదు.

కార్డు మార్చుకోవాలా, ఉంచుకోవాలా?

చివరిగా ఆ మధ్యవర్తి అడిగిన అయిదు వేల సంగతి. ఆ డబ్బు కట్టి ఆంధ్ర కార్డు రద్దు చేయించి ఉంటే ఏమయ్యేది? ఒక మనిషి పేరు రెండు కార్డుల్లో ఉండకూడదు, ఆధార్ వల్ల ఉంటే దొరికిపోతుంది. కాబట్టి అక్కడ పేరు తీయించి ఆ పత్రం తెస్తేనే ఇక్కడ కార్డు. కార్డు మొత్తం రద్దయితే ఊళ్లో ఉన్న అత్తగారికి అయిదు కిలోలు కూడా పోయేవి. ఇక్కడ కొత్త కార్డు వచ్చేదాకా మధ్యలో ఎవరికీ ఏమీ లేదు. వచ్చిన కార్డు NPHH అయితే, రేపు పని కోసం మళ్లీ ఇంకో రాష్ట్రం పోతే అక్కడ బియ్యం లేదు. మధ్యవర్తి ఇవేవీ చెప్పలేదు.

అలాగని ఎప్పటికీ కార్డు మార్చుకోవద్దని కాదు. పిల్లల చదువు ఇక్కడే, ఇల్లు ఇక్కడే, తిరిగి వెళ్లేది లేదు అనుకున్న కుటుంబానికి తమిళనాడు కార్డే మేలు. పప్పు, నూనె కూడా వస్తాయి. అప్పుడు కార్డు రద్దు చేయకుండా, వచ్చేసినవాళ్ల పేర్లు మాత్రం తీయించుకొని, ఊళ్లో ఉన్నవాళ్ల పేరు అక్కడే ఉంచాలి. ఆ అర్జీకి మధ్యవర్తి అక్కర్లేదు. పని ఉన్నన్నాళ్లు ఇక్కడ, పండగకు అక్కడ అనుకునేవాళ్లు ఉన్న కార్డే ఉంచుకోండి.

ఉంచుకునేవాళ్లు రెండు జాగ్రత్తలు పాటించాలి. ఆరు నెలలు అసలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపి విచారణ చేయాలని 2025 జులైలో కేంద్రం నిబంధన తెచ్చింది. వలస వెళ్లి రేషను వదిలేసినవాళ్లకే ఇది మొదట తగిలేది. ఇక్కడ తీసుకున్నా అది మీ సొంత కార్డు మీదే నమోదవుతుంది కాబట్టి, కొద్దిగా అయినా తీసుకుంటూ ఉండండి. రెండోది ఈ-కెవైసి. కార్డులో పేరున్న ప్రతివాళ్లూ ఒకసారి వేలిముద్రతో తామేనని నిరూపించుకోవాలి. అయిదేళ్లలోపు పిల్లలకు ఇప్పుడు అక్కర్లేదు. దీనికోసం కూలి వదులుకొని ఊరికి పరుగెత్తే ముందు, ఇక్కడి అంగడి యంత్రంలోనే చేయమని అడిగి చూడండి.

మా ప్రసంగం ఇంతే. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. కార్డు తీసి అందులో ఎందరి పేర్లున్నాయో లెక్కపెట్టండి, ఇంట్లో ఎందరున్నారో లెక్కపెట్టండి. రెండూ సరిపోకపోతే, లేదా ఆ కార్డు ఏ లెక్కలోదో తెలియకపోతే, ఆదివారం ఉదయం సమాఖ్య కార్యాలయంలో మా బల్ల ఉంటుంది. కార్డు, ఆధార్ పట్టుకొని రండి. డబ్బు ఏమీ తీసుకోం.

ఆ అమ్మాయి ఇవాళ సభకు వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. పోయిన వారం మా బల్ల దగ్గరికి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చింది. వాళ్లిద్దరివీ పుత్తూరు కార్డులు. అంగడికి తోడు తనే వెళతానంది.